ఉద్యోగాలు మారితే గ్రాట్యుటీ, పీఎఫ్ సర్వీసు ఎలా లెక్కిస్తారు?

ప్రశ్న: "సార్, 2015 ఆగస్టు 1న మొదటి ఉద్యోగంలో చేరాను. బేసిక్ 9,000. అక్కడ 3 ఏళ్ల 4 నెలలు చేశాను. తర్వాత 5 నెలలు ఖాళీ. 2019 మే 2 నుంచి 2024 జనవరి 31 వరకు రెండో కంపెనీ, వారానికి 5 రోజుల పని. చేరినప్పుడు బేసిక్ 22,000, మానేసినప్పుడు 32,000. 2021లో నాన్నకు ఆరోగ్యం బాగోలేక 2 నెలలు జీతం లేని సెలవు పెట్టాను. ఇప్పుడు మూడో కంపెనీలో పర్మనెంట్‌గా ఏడాది పది నెలలైంది. రెండో కంపెనీ వాళ్లు ఐదేళ్లు నిండలేదని, మధ్యలో సెలవు పెట్టానని గ్రాట్యుటీ ఇవ్వలేదు. అన్నీ కలిపితే దాదాపు పదేళ్ల సర్వీసు ఉంది కదా, కలపరా? మొదటి కంపెనీ పీఎఫ్ పాత యూఏఎన్‌లోనే ఉండిపోయింది, రెండో కంపెనీ కొత్త యూఏఎన్ తీసింది. పాతది తీసేసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. తీసేయొచ్చా?"

సమాధానం:

పాత పీఎఫ్ తీయకండి. ముందు ఈ ఒక్కటీ గట్టిగా చెప్పి మిగతావి వివరిస్తాను. నేను ఇరవై ఏళ్లకు పైగా పేరోల్, పీఎఫ్ పనే చూస్తున్నాను. ఈ పొరపాటు వల్ల పెన్షన్ పోగొట్టుకున్నవాళ్లను చాలామందిని చూశాను.

మీ గందరగోళం అంతా "సర్వీసు" అనే ఒక్క మాట దగ్గర వస్తోంది. మీ మీద మూడు వేర్వేరు సర్వీసు లెక్కలు నడుస్తున్నాయి. గ్రాట్యుటీకి ఐదేళ్లు ఒకటి. పీఎఫ్ తీసుకుంటే పన్ను పడకుండా ఉండటానికి ఐదేళ్లు ఇంకొకటి. పెన్షన్‌కు పదేళ్లు మూడోది. మొదటిది కంపెనీతో ముడిపడినది కాబట్టి కంపెనీ మారితే మళ్లీ సున్నా నుంచి మొదలవుతుంది. మిగతా రెండూ మనిషితో ముడిపడినవి. ఎన్ని కంపెనీలు మారినా మీ వెంట వస్తాయి, కాకపోతే మీరు వాటిని తీసుకెళ్లాలి.

ముందు గ్రాట్యుటీ చూద్దాం.

గ్రాట్యుటీ యజమాని ఇచ్చే డబ్బు. మీ జీతంలోంచి కోసి ఎక్కడో దాచేది కాదు. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే సంస్థకు ఈ చట్టం వర్తిస్తుంది. ఒకసారి వర్తించాక ఆ తర్వాత మనుషులు తగ్గినా బాధ్యత పోదు. ఒకే యజమాని దగ్గర ఐదేళ్లు ఎడతెగని సర్వీసు ఉంటే, రాజీనామా చేసినా ఇవ్వాల్సిందే. ఉద్యోగి చనిపోయినా, ప్రమాదంతోనో జబ్బుతోనో పనిచేయలేని స్థితికి వచ్చినా ఐదేళ్ల నిబంధన ఉండదు. మొదటి కంపెనీలో మీరు చేసింది 3 ఏళ్ల 4 నెలలు. అక్కడ గ్రాట్యుటీ హక్కు పుట్టలేదు, ఆ కాలాన్ని రెండో కంపెనీ సర్వీసుకు కలపరు. కలపమని అడిగే వీలు కూడా లేదు.

చాలామందికి ఇక్కడ కోపం వచ్చే విషయం ఒకటుంది. ఆఫర్ లెటర్‌లో సీటీసీ కింద "గ్రాట్యుటీ" అని బేసిక్‌లో 4.81 శాతం రాస్తారు. ఏడాదికి 15 రోజుల జీతం, నెలకు 26 పని దినాలు అనుకుంటే వచ్చే అంకె అది. మూడేళ్లకు మానేస్తే ఆ డబ్బు చేతికి రాదు. పేపరు మీద మీ జీతంలో భాగంగా చూపించారు గానీ, ఐదేళ్లు నిండేవరకు అది కంపెనీ డబ్బే. కొత్త ఆఫర్‌ను పాత జీతంతో పోల్చేటప్పుడు రెండింటిలోనూ ఆ లైను తీసేసి పోల్చుకోండి.

ఇప్పుడు రెండో కంపెనీ. 2019 మే 2 నుంచి 2024 జనవరి 31 వరకు 4 ఏళ్ల 9 నెలలు. హెచ్ఆర్ వాళ్లు రెండు కారణాలు చెప్పారు: ఐదేళ్లు నిండలేదు, మధ్యలో సెలవు వల్ల సర్వీసు తెగింది. రెండో కారణం నిలబడదు. మంజూరైన సెలవు జీతంతో అయినా, జీతం లేకుండా అయినా సర్వీసును తెంచదు. జబ్బు, ప్రమాదం, లేఆఫ్, లాకౌట్, ఉద్యోగి తప్పు లేకుండా పని ఆగిపోవడం, ఇవేవీ తెంచవు. చెప్పకుండా మానేసిన రోజులకైనా, కంపెనీ తన స్టాండింగ్ ఆర్డర్ల ప్రకారం "దీన్ని సర్వీసులో విరామంగా పరిగణిస్తున్నాం" అని ఆర్డరు వేస్తే తప్ప తెగదు. మీ నాన్నగారి కోసం పెట్టిన సెలవుకు మంజూరు మెయిల్ ఉంటే ఇప్పుడే వెతికి దాచుకోండి. ఆఫీసు మెయిల్ పోయి ఉంటే ఆ రెండు నెలల పే స్లిప్పుల్లో "లాస్ ఆఫ్ పే" అని పడి ఉంటుంది. పే స్లిప్పు ఇచ్చారంటే మిమ్మల్ని ఉద్యోగిగా ఉంచుకున్నారనే కదా.

మొదటి కారణం దగ్గర కొంచెం ఓపికగా చదవండి. మీ కేసు అక్కడే తేలాలి.

ముందు ఒక అపోహ తీసేద్దాం. "ఆరు నెలలు దాటితే ఏడాదిగా లెక్కిస్తారు కదా, నాకు 4 ఏళ్ల 9 నెలలు కాబట్టి ఐదేళ్లు అయినట్టే" అని చాలామంది అంటారు. ఆ రౌండింగు డబ్బు లెక్కకే. హక్కు వచ్చిందా లేదా అని చూసేటప్పుడు అది పనికిరాదు. హక్కు కోసం వేరే దారి ఉంది. చట్టం ప్రకారం, ఒక ఏడాది మొత్తం ఎడతెగకుండా లేకపోయినా, లెక్క తీసే తేదీకి ముందు 12 నెలల్లో 240 రోజులు పనిచేసి ఉంటే ఆ ఏడాది పూర్తయినట్టే. వారానికి ఆరు రోజుల కంటే తక్కువ పనిచేసే సంస్థల్లోనూ, భూగర్భ గనుల్లోనూ ఈ 240 బదులు 190 రోజులు చాలు. మీది ఐదు రోజుల వారం. కాబట్టి మీ అంకె 190.

నాలుగేళ్లు 2023 మే 1తో నిండాయి. మే 2 నుంచి జనవరి 31 వరకు 275 రోజులు. అందులో శని, ఆదివారాలు తీసేస్తే 197 పని దినాలు వస్తాయి. వినాయక చవితి, దసరా, సంక్రాంతి లాంటి ఏడెనిమిది పండుగ సెలవులు కూడా తీసేస్తే అంకె సరిగ్గా 190 దగ్గరికి వచ్చి ఆగుతుంది. అందుకని ఏ రోజును "పనిచేసిన రోజు" అంటారన్నది మీకు ముఖ్యం. జీతంతో కూడిన సెలవు రోజులను పనిచేసినట్టే లెక్కించమని చట్టమే చెప్తోంది. జీతం ఇచ్చే వారాంతపు సెలవులు, పండుగ సెలవులు కూడా కలపాలని 1985లో అమెరికన్ ఎక్స్‌ప్రెస్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది పారిశ్రామిక వివాదాల చట్టం కింద వచ్చిన తీర్పు. అయినా 240 రోజుల మాట రెండు చట్టాల్లోనూ దాదాపు ఒకేలా ఉంది కాబట్టి గ్రాట్యుటీ కేసుల్లో దాన్ని చూపించవచ్చు. ఆ లెక్కన మీకు 190 కంటే చాలా ఎక్కువే ఉన్నాయి.

నాలుగేళ్లు పూర్తయి ఐదో ఏడాదిలో ఈ రోజులు నిండితే గ్రాట్యుటీ ఇవ్వాలని మద్రాసు హైకోర్టు మెట్టూరు బియర్డ్‌సెల్ కేసులో చెప్పింది. ఆ ఉద్యోగి చేసింది 4 ఏళ్ల 10 నెలల పై చిలుకు. ఇది తెలంగాణ, ఆంధ్ర అధికారులను కట్టిపడేసే తీర్పు కాదు, నచ్చజెప్పే ఆధారం. చాలా కంపెనీలు దీన్ని ఒప్పుకొని ఇచ్చేస్తాయి, కొన్ని మాత్రం క్యాలెండరు ప్రకారం ఐదేళ్లు నిండాల్సిందే అంటాయి. మీ దగ్గర హాజరు వివరాలు ఉంటే పోరాడదగ్గ కేసు ఇది.

ఎంత వస్తుంది? చివరి నెల బేసిక్, డీఏ ఉంటే అది కూడా కలిపి, 26తో భాగించి 15తో గుణించి, ఏళ్లతో గుణించాలి. ఏళ్లకు మాత్రం ఆరు నెలల రౌండింగు వర్తిస్తుంది కాబట్టి మీకు 5. అంటే:

```
32,000 ÷ 26 × 15 × 5 = 92,308
```

హెచ్ఆర్‌ఏ, స్పెషల్ అలవెన్సు ఈ లెక్కలోకి రావు. మీరు మానేసిన తేదీ నాటి చట్టం 1972 నాటి గ్రాట్యుటీ చట్టమే కాబట్టి మీకు ఈ లెక్కే.

అడగడం ఇలా. ముందు రెండో కంపెనీకి ఫారం ఐ, అంటే రోమన్ ఒకటి అనుకోకండి, ఇంగ్లీషు ఐ అక్షరం, నింపి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. మెయిల్ కూడా చేయండి. మానేసిన 30 రోజుల్లో పంపాలని నిబంధన ఉంది గానీ, ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిము చెల్లకుండా పోదని అదే నిబంధనల్లో ఉంది. ఆలస్యానికి కారణం ఒక్క వాక్యంలో రాయండి: హక్కు లేదని కంపెనీయే చెప్పడంతో ఆగాను అని. వాళ్లు 15 రోజుల్లో రాతపూర్వకంగా ఒప్పుకోవాలి లేదా కారణం చూపి కాదనాలి. కాదంటే, లేదా పట్టించుకోకపోతే, ఫారం ఎన్‌తో కంట్రోలింగ్ అథారిటీ దగ్గరికి వెళ్లాలి. కంపెనీకి ఒక్క రాష్ట్రంలోనే ఆఫీసులుంటే ఆయన రాష్ట్ర కార్మిక శాఖ అధికారి. రెండు మూడు రాష్ట్రాల్లో శాఖలుంటే కేంద్ర కార్మిక శాఖ అధికారి. చాలామంది ఇక్కడే తప్పు ఆఫీసుకు వెళ్లి నెలలు పోగొట్టుకుంటారు. మీ కంపెనీకి బెంగళూరులో ఒక బ్రాంచి ఉన్నా సరే, రాష్ట్ర కార్మిక శాఖ మీ కాగితాలు తీసుకోదు. లాయరు తప్పనిసరి కాదు. గెలిస్తే ఆలస్యానికి సాధారణ వడ్డీ కూడా అడగవచ్చు, అది ఏడాదికి 10 శాతం.

మూడో కంపెనీలో మీ గ్రాట్యుటీ లెక్క 2024 ఫిబ్రవరిలో సున్నాతో మొదలైంది. 2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. "ఇక ఏడాది చేస్తే చాలు గ్రాట్యుటీ" అని వాట్సాప్‌లో తిరుగుతున్నది దీని గురించే. ఆ ఏడాది లెక్క ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగులకు, అంటే ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని రాతపూర్వక ఒప్పందం మీద చేరినవాళ్లకు. మీలాంటి పర్మనెంట్ ఉద్యోగికి ఐదేళ్లు అలాగే ఉన్నాయి. కోడ్‌తో మీకు వచ్చే మార్పు ఇంకోటి: అలవెన్సులు మొత్తం జీతంలో సగం దాటితే, ఆ దాటిన భాగాన్ని కూడా వేతనంగానే చూడాలి. బేసిక్ కావాలని తక్కువ పెట్టిన కంపెనీల్లో దీనివల్ల గ్రాట్యుటీ పెరుగుతుంది.

ఒకే గ్రూపులో ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి మారేవాళ్ల కోసం ఒక మాట. రాజీనామా పత్రం మీద సంతకం పెట్టించుకొని కొత్త అపాయింట్‌మెంట్ లెటర్ ఇస్తే, బోర్డు మీద పేరు ఒకటే అయినా చట్టం కళ్లకు అది కొత్త ఉద్యోగమే. బదిలీ అని చెప్పినప్పుడు, లెటర్‌లో "మీ పాత సర్వీసు గ్రాట్యుటీతో సహా అన్ని ప్రయోజనాలకూ కొనసాగుతుంది" అన్న వాక్యం ఉండాలి. ఒకాయన నా దగ్గరికి అలాంటి కాగితాలు తెచ్చారు. నాలుగేళ్లు ఒక కంపెనీలో, మూడేళ్లు దాని తోబుట్టువు కంపెనీలో. అదే సీటు, అదే మేనేజరు, అదే క్యాంటీన్. ఆ ఒక్క వాక్యం లేదు. మేనేజరు నోటిమాట మీద సంతకం పెట్టారు. ఏడేళ్ల మనిషికి గ్రాట్యుటీ రాలేదు.

ఇక పీఎఫ్. మీకు గ్రాట్యుటీ కంటే ఇదే పెద్ద విషయం.

పీఎఫ్‌కు కనీస సర్వీసు అంటూ లేదు. ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న సంస్థలో, బేసిక్, డీఏ కలిపి 15,000 లోపు ఉన్నవాళ్లకు చేరిన రోజు నుంచే తప్పనిసరి. మొదటిసారి చేరేటప్పటికే 15,000 దాటి ఉంటే ఇష్టాన్ని బట్టి. కానీ ఒకసారి సభ్యుడైతే, తర్వాత జీతం ఎంత పెరిగినా సభ్యత్వం కొనసాగుతుంది. మీ వాటా 12 శాతం మొత్తం పీఎఫ్‌లోకి వెళ్తుంది. కంపెనీ ఇచ్చే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ పథకానికి వెళ్తుంది. దానికి పరిమితి 15,000 కాబట్టి నెలకు గరిష్ఠంగా 1,250 రూపాయలు. మిగిలింది పీఎఫ్‌లోకి.

ఇప్పుడు మీ పాస్‌బుక్ తెరవండి. మూడు నిలువు వరుసలు ఉంటాయి: ఉద్యోగి వాటా, యజమాని వాటా, పెన్షన్. రెండో కంపెనీ కాలంలో పెన్షన్ వరుసలో నెలనెలా 1,250 పడిందా, సున్నా ఉందా చూడండి. ఎందుకు చూడమంటున్నానో చెప్తాను.

2014 సెప్టెంబరు 1 తర్వాత, 15,000 దాటిన బేసిక్‌తో మొదటిసారి పీఎఫ్‌లో చేరినవాళ్లు పెన్షన్ పథకంలో ఉండరు. కంపెనీ వాటా మొత్తం పీఎఫ్‌లోకే వెళ్తుంది. మీరు అలా కాదు. 2015లో 9,000 బేసిక్‌తో చేరారు కాబట్టి అప్పుడే పెన్షన్ సభ్యులయ్యారు. ఆ సభ్యత్వం ఉన్నందుకే 22,000 బేసిక్‌తో రెండో కంపెనీలో చేరినా మీకు పెన్షన్ కొనసాగాలి. కానీ రెండో కంపెనీ కొత్త యూఏఎన్ తీసింది. అంటే చేరేటప్పుడు నింపిన ఫారం 11లో "ఇంతకుముందు పీఎఫ్, పెన్షన్ సభ్యులా?" అన్న చోట "కాదు" అని పడి ఉండాలి. మొదటి రోజు ఇరవై కాగితాల మీద సంతకాలు పెట్టే హడావిడిలో ఇది చాలామందికి జరుగుతుంది.

దాని ఫలితం చూడండి. కొత్త యూఏఎన్ ఒక్కటే చూసే పీఎఫ్ అధికారికి మీరు 2019లో 22,000 బేసిక్‌తో మొదటిసారి చేరిన మనిషిగా కనిపిస్తారు. అలాంటివారికి పెన్షన్ ఉండకూడదు. కాబట్టి పెన్షన్ వరుసలో 1,250 పడి ఉంటే అది పొరపాటున పడిందని, సున్నా ఉంటే సరిగ్గానే ఉందని అనుకుంటారు. మీరు పెన్షన్‌కు అర్హులని చూపించే ఆధారం ఒక్కటే, పాత యూఏఎన్‌లో ఉన్న ఆ 3 ఏళ్ల 4 నెలలు. ఫ్రెండ్స్ తీసేయమంటున్నది సరిగ్గా దాన్నే.

పాత ఖాతా నుంచి ఫారం 19తో పీఎఫ్, ఫారం 10సీతో పెన్షన్ డబ్బు తీసేస్తే ఏమవుతుందో వరసగా చెప్తాను. మొదటిది, ఆ సర్వీసు చెరిగిపోతుంది. మీ చేతికి వచ్చే పెన్షన్ డబ్బు మీ పేరు మీద జమైన మొత్తం కాదు, చేసిన సర్వీసును, మానేసినప్పటి వేతనాన్ని బట్టి పథకంలోని పట్టిక ప్రకారం లెక్కిస్తారు. రెండోది, తర్వాతి కంపెనీల్లోని పెన్షన్‌కు ఆధారం పోతుంది. మూడోది పన్ను. పీఎఫ్ తీసుకునేటప్పుడు ఐదేళ్ల సర్వీసు లేకపోతే పన్ను వేస్తారు, 50,000 దాటితే 10 శాతం ముందే కోస్తారు. పాత ఖాతాను విడిగా తీస్తే అందులో ఉన్నది 3 ఏళ్ల 4 నెలలే. అదే డబ్బును కొత్త ఖాతాకు బదిలీ చేస్తే పాత కంపెనీ సర్వీసు కూడా ఈ ఐదేళ్ల లెక్కలో కలుస్తుంది, పన్ను సమస్యే రాదు. అసలు మీరు ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నారు. పీఎఫ్ పూర్తిగా తీసుకోవడం ఉద్యోగం లేకుండా ఉన్నవాళ్లకు ఇచ్చిన వెసులుబాటు. రెండు యూఏఎన్‌లు ఉన్నాయి కదా, కనిపెట్టలేరు అనుకొని తీస్తే, తప్పుడు డిక్లరేషన్ ఇచ్చినట్టే.

పాత ఖాతాలో డబ్బు అలా పడి ఉంటే వడ్డీ రాదేమో అన్న టెన్షన్ వద్దు. ఉద్యోగం మానేసినవారి ఖాతాకు 58 ఏళ్లు వచ్చేవరకు వడ్డీ పడుతుంది. 2024-25కు ఇచ్చిన వడ్డీ 8.25 శాతం. బ్యాంకులో వేసినా అంత రాదు.

ఇప్పుడు పదేళ్ల లెక్క చూద్దాం. పెన్షన్‌కు కనీసం పదేళ్ల సర్వీసు కావాలి. మీది 3 ఏళ్ల 4 నెలలు, 4 ఏళ్ల 9 నెలలు, ఏడాది 10 నెలలు, మొత్తం 9 ఏళ్ల 11 నెలలు. మధ్యలో ఖాళీగా ఉన్న 5 నెలలు లెక్కలోకి రావు గానీ, ముందు చేసిన సర్వీసును అవి చెరపవు కూడా. గ్రాట్యుటీకీ పెన్షన్‌కూ తేడా ఇక్కడ బాగా తెలుస్తుంది. అక్కడ కంపెనీ మారగానే పాతది పోయింది, ఇక్కడ ఐదు నెలలు ఇంట్లో కూర్చున్నా పోలేదు.

మీ నాన్నగారి కోసం పెట్టిన సెలవు మాత్రం ఇక్కడ తగులుతుంది. జీతం లేని రోజులకు పీఎఫ్ కట్టరు. ఆ రోజులను రికార్డులో ఎన్‌సీపీ డేస్ అని చూపిస్తారు, పెన్షన్ సర్వీసులోంచి తీసేస్తారు. అదే సెలవు గ్రాట్యుటీ సర్వీసును తెంచలేదు, పెన్షన్ సర్వీసును మాత్రం రెండు నెలలు తగ్గించింది. అంటే మీకు ఉన్నది 9 ఏళ్ల 9 నెలలు. ఆరు నెలలు దాటిన ముక్కను ఏడాదిగా తీసుకునే నిబంధన ఉంది కాబట్టి పది అయినట్టే. అయినా కొన్ని నెలల ఎన్‌సీపీ తప్పుగా ఎక్కించి ఉంటే ఆ గీత దగ్గర దొరికిపోతారు. ఇంకో నాలుగైదు నెలలు ఉద్యోగం కొనసాగితే ఏ వాదనా లేకుండా పదేళ్లు దాటిపోతుంది. మారాలనుకుంటున్నా, ఇంకో పీఎఫ్ ఉన్న కంపెనీలోకి మారితే లెక్క అలాగే నడుస్తుంది.

పదేళ్లకు 58వ ఏట వచ్చే పెన్షన్ 15,000 ను పదితో గుణించి 70తో భాగిస్తే నెలకు 2,143 రూపాయలు. చిన్న మొత్తమే అనిపించవచ్చు. కానీ మీకింకా చాలా సర్వీసు ఉంది, ఏడాదికి 214 రూపాయల చొప్పున పెరుగుతుంది. సభ్యుడు మధ్యలో పోతే భార్యకు, పిల్లలకు కూడా పెన్షన్ వస్తుంది. జీడిమెట్లలో ఒక ఫ్యాక్టరీ సూపర్‌వైజరు నాకు తెలుసు. నాలుగు కంపెనీలు మారారు, మొదటి మూడుసార్లూ ఇంటి ఖర్చులకని 10సీ పెట్టి డబ్బు తీసుకున్నారు. మొత్తం 23 ఏళ్లు పనిచేశారు, 58 నిండేసరికి రికార్డులో మిగిలింది 7 ఏళ్లు. పెన్షన్ కాగితాలు నింపడానికి నా దగ్గరికి వచ్చారు. నింపడానికి ఏమీ లేదు.

విత్‌డ్రా నిబంధనలు కూడా బిగుస్తున్నాయి. ఉద్యోగం పోయాక పూర్తి పీఎఫ్ తీసుకోవడానికి ఆగాల్సిన కాలాన్ని 2 నెలల నుంచి 12 నెలలకు, పెన్షన్ డబ్బుకు 2 నెలల నుంచి 36 నెలలకు పెంచాలని 2025 అక్టోబరు 13న పీఎఫ్ బోర్డు నిర్ణయించింది. క్లెయిము పెట్టే రోజు పోర్టల్‌లో ఏ నిబంధన చూపిస్తుందో అదే మీకు వర్తిస్తుంది.

కాబట్టి మీరు చేయాల్సింది బదిలీ. ఇప్పటి యూఏఎన్‌తో సభ్యుల పోర్టల్‌లోకి వెళ్లండి. ముందు `View` కింద `Service History` చూడండి. రెండో కంపెనీ మానేసిన తేదీ పడి ఉండాలి. పాత యూఏఎన్‌లో కూడా మొదటి కంపెనీ 2018 నవంబరు 30 అని ఎక్కించి ఉండాలి. ఖాళీగా ఉంటే బదిలీ జరగదు. కంపెనీ ఎక్కించకపోతే, చివరి చందా పడి రెండు నెలలు దాటాక `Manage` లో `Mark Exit` ద్వారా మీరే ఎక్కించుకోవచ్చు. తర్వాత `Online Services` లో `One Member - One EPF Account (Transfer Request)` కు వెళ్లి, ముందు మొదటి కంపెనీ మెంబర్ ఐడీ, తర్వాత రెండోది ఇచ్చి బదిలీ పెట్టండి.

మన తెలుగువాళ్లకు ఎక్కువగా తగిలే అడ్డంకి పేరు. 2015 రికార్డులో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ముందు ఉంటుంది, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, రెండో కంపెనీ దాన్ని చివర పెడుతుంది. సిస్టమ్ వీటిని వేర్వేరు మనుషులుగా చూసి క్లెయిము తిప్పి పంపుతుంది. ముందే మూడు చోట్లా పేరు, పుట్టిన తేదీ పోల్చి చూసుకోండి. 2017 అక్టోబరు 1 తర్వాత ఆధార్‌తో వచ్చిన యూఏఎన్ అయితే ఇలాంటి వివరాలు చాలావరకు మీరే ఆన్‌లైన్‌లో సరిచేసుకోవచ్చు. మీ పాత యూఏఎన్ 2015ది కాబట్టి జాయింట్ డిక్లరేషన్ కావాలి, దాన్ని మొదటి కంపెనీ ఆమోదించాలి. ఆ కంపెనీ ఇంకా నడుస్తుండగానే ఈ పని చేయించుకోండి. మూతపడ్డాక ఇదే పనికి పీఎఫ్ ఆఫీసు చుట్టూ తిరగాలి.

రెండో కంపెనీ పాస్‌బుక్‌లో పెన్షన్ వరుస సున్నా అని తేలితే, బదిలీ పూర్తయ్యాక ఆ సర్వీసు వివరాలు చూపించి, నెలకు 1,250 చొప్పున పీఎఫ్ నుంచి పెన్షన్‌కు మార్పించమని రెండో కంపెనీ ద్వారా పీఎఫ్ ఆఫీసుకు రాయించాలి. ఆలస్యమయ్యే పనే, కానీ చేయించకపోతే 4 ఏళ్ల 9 నెలలు పెన్షన్ లెక్కలోకి రావు. మూడో కంపెనీలో కూడా ఇదే చూడండి.

చివరగా, బదిలీ అయ్యాక కొత్త పాస్‌బుక్‌లో పాత పీఎఫ్ డబ్బు కనిపిస్తుంది, పెన్షన్ కింద మాత్రం సున్నా అని ఉంటుంది. డబ్బు పోయిందని కంగారుపడి నాకు ఫోన్ చేసేవాళ్లు నెలకు ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. పెన్షన్ పథకంలో డబ్బు ఖాతా నుంచి ఖాతాకు కదలదు, సర్వీసు మాత్రమే కదులుతుంది. ఆ సర్వీసు వచ్చిందో లేదో తెలిసేది అనెక్షర్ కే అనే కాగితంలో. అందులో మొదటి కంపెనీలో చేరిన తేదీ, మానేసిన తేదీ, ఎన్‌సీపీ రోజులు, పెన్షన్ వేతనం ఉంటాయి. రెండు బదిలీలకూ విడివిడిగా వచ్చే ఆ కాగితాలు డౌన్‌లోడ్ చేసి, ఎన్‌సీపీ దగ్గర 2021లోని ఆ రెండు నెలలు తప్ప ఇంకేమైనా పడ్డాయేమో చూసుకోండి. పడి ఉంటే ఆ నెలల పే స్లిప్పులతో ఇక్కడే రాయండి, చూస్తాను.